మోకాలికీ నేలకీ మధ్య 17 అంగుళాలు

అరవై దాటినవాళ్లలో మోకాలి నొప్పి మొదట బయటపడేది తరచుగా నేల దగ్గరే. చదునైన రోడ్డు మీద అరగంట నడిచి వచ్చిన మనిషే, పూజ ముగించుకుని పీట మీది నుంచి లేవబోయి గోడ వెతుక్కుంటారు. బంతి భోజనంలో అందరూ లేచిపోయాక పక్కవాళ్ల భుజం పట్టుకుని లేస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఎక్స్‌రే చూసి ‘గుజ్జు అరిగింది, ఇక కింద కూర్చోవద్దు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కానీ ఇంట్లో సగం పనులు నేల మీదే జరుగుతాయి. ఏ పని ఎంత ఎత్తుకు మార్చాలి, దేన్ని ముందు మార్చాలి, దేన్ని ఉంచుకోవచ్చు అన్నది ఎవరూ విడమరచి చెప్పరు. అందుకే చాలామంది నాలుగు రోజులు కుర్చీలో కూర్చుని, ఐదో రోజు మళ్లీ పీట వేసుకుంటారు.

మడిచిన మోకాలిలో ఏం జరుగుతుంది

తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట వాటి చివర్లకు నున్నటి మెత్తటి పొర ఉంటుంది. జనం గుజ్జు అనేది దాన్నే. రెండు ఎముకల మధ్య చంద్రవంక ఆకారంలో రెండు రబ్బరు లాంటి దిండ్లు ఉంటాయి. ముందువైపు చిప్ప, తొడ ఎముక మీది గాడిలో పైకీ కిందికీ జారుతుంటుంది. వయసుతో గుజ్జు పలచబడి, దిండ్లు చిట్లి, ఎముక అంచులు పెరిగి, కీలు చుట్టూ అప్పుడప్పుడు వాపు రావడాన్ని ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. ఎక్స్‌రేలో గుజ్జు కనిపించదు. ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో చూసి అంచనా వేస్తారు. అందుకే ఆ ఎక్స్‌రేను నిలబెట్టి తీయాలి. సందు బాగా తగ్గినా హాయిగా తిరిగేవాళ్లున్నారు, కొంచెమే తగ్గినా మెట్లెక్కలేనివాళ్లున్నారు. చేయాల్సిన మార్పులను నిర్ణయించేది ఎక్స్‌రే కంటే ఎక్కువగా మీ రోజువారీ కదలికలే.

మామూలు నడకలో మోకాలు 60 డిగ్రీల దాకా వంగుతుంది. కుర్చీలో కూర్చుంటే 90. మఠం వేసుకుని కూర్చుంటే 110 నుంచి 130 పైచిలుకు వంగడమే కాక, కాలు పక్కకు మెలితిరుగుతుంది కూడా. గొంతుకూర్చుంటే వంపు 130 నుంచి 150 దాకా వెళ్తుంది. అంత వంగినప్పుడు లోపలి దిండ్ల వెనక భాగం రెండు ఎముకల మధ్య నలుగుతుంది. మఠం వేసుకున్నప్పుడు మోకాలి వెనకా లోపలివైపూ సలిపేది ఎక్కువగా ఇందువల్లే.

అయితే ఇంకో సంగతి ఉంది. పూర్తిగా గొంతుకూర్చున్నాక తొడ వెనకభాగం పిక్కకు ఆనుతుంది, బరువులో కొంత అక్కడ దిగుతుంది. లేవడం మొదలుపెట్టగానే ఆ ఆసరా పోతుంది. మోకాలు 90 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి శరీరం బరువంతా తొడ ముందు కండరం మోయాలి, అది చిప్పను గాడిలోకి గట్టిగా అదుముతుంది. అప్పుడు చిప్ప మీద పడే ఒత్తిడి శరీరం బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ‘కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది డాక్టరుగారూ, సగం లేచేసరికే ప్రాణం పోతుంది’ అని పెద్దవాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. కూర్చునే సేపు ఎంత ముఖ్యమో, రోజుకు ఎన్నిసార్లు దిగి లేస్తున్నామన్నదీ అంతే ముఖ్యం.

అలవాటే అరుగుదలకు కారణమా అంటే, కొంతవరకు ఔను. చైనా రాజధాని బీజింగ్‌లో 60 దాటినవాళ్లను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పాతికేళ్ల వయసులో రోజుకు ఎన్ని గంటలు గొంతుకూర్చునేవారో అడిగారు. ఎక్కువ గంటలు కూర్చున్నవాళ్లలో మోకాలి అరుగుదల ఎక్కువగా కనిపించింది. అలాగని గొంతుకూర్చునే వాళ్లందరి మోకాళ్లూ అరగవు. వయసు, బరువు, పాత దెబ్బలు, వంశం, ఆడవాళ్లలో ముట్లుడిగిన తర్వాతి దశ, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. నొప్పి లేని పెద్దవాళ్లు సులువుగా కూర్చుని లేవగలుగుతుంటే ఆ అలవాటును మానాల్సిన పని లేదు. కింది నుంచి లేవగలగడం కూడా ఒక బలమే. ఇక్కడి మాటలు నొప్పి మొదలైనవాళ్ల కోసం.

ఒక రోజును లెక్కపెట్టి చూద్దాం

ఒక చిన్న పట్టణంలో 64 ఏళ్ల గృహిణి ఉన్నారనుకుందాం. బరువు 68 కిలోలు. రెండు మోకాళ్లూ నొప్పి, కుడివైపు ఎక్కువ. ఆవిడ నేలకు దిగి లేచే సందర్భాలు రాసుకుంటే ఇలా వస్తాయి: నేల మరుగుదొడ్డి రాత్రితో కలిపి ఐదుసార్లు, చాప మీది పడక నుంచి రాత్రి ఒకసారి, తెల్లవారి ఒకసారి లేవడం, స్నానం చేసే చిన్న పీట ఒకసారి, పూజ ఒకసారి, కత్తిపీట ముందు కూరగాయలకు రెండుసార్లు, భోజనాలకు మూడుసార్లు, సాయంత్రం టీవీ ముందు ఒకసారి. మొత్తం పదిహేను.

ఇంట్లో అందరూ ముందు పట్టుబట్టేది భోజనం గురించి. ‘అత్తయ్యా, మీరు డైనింగ్ టేబుల్ దగ్గరే తినండి’ అంటుంది కోడలు. ‘కింద కూర్చుంటేనే నాకు తిన్నట్టుంటుందమ్మా’ అంటారావిడ. వాదన అక్కడే ఆగిపోతుంది, మిగతా పన్నెండుసార్ల సంగతి ఎవరికీ గుర్తు రాదు. లెక్క ప్రకారం మొదలుపెట్టాల్సింది మరుగుదొడ్డితో. ఐదుసార్లు తప్పించుకోలేనివి, వాయిదా వేయలేనివి, పట్టుకోవడానికి ఆసరా లేనివి, పైగా తడి నేల. ఆ తర్వాత పడక. ఈ రెండూ మారిస్తే పదిహేనులో ఏడు పోతాయి. స్నానానికి ఎత్తైన స్టూలు, కూరగాయలకు బల్ల ఏర్పాటు చేస్తే మరో మూడు పోతాయి. మిగిలిన ఐదింటిలో టీవీ, రెండు పూటల తిండి కుర్చీకి మారితే, రోజుకు రెండే మిగులుతాయి: పూజ, మధ్యాహ్న భోజనం. ఆవిడకు ఇష్టమైనవి రెండూ దక్కాయి. పదిహేను నుంచి రెండుకు వచ్చాక మోకాలు ఆ రెండింటినీ తట్టుకునే అవకాశం ఎక్కువ. తట్టుకోకపోతే అప్పుడు వాటినీ మార్చవచ్చు.

మీ ఇంట్లో కూడా ఒక రోజు కాగితం మీద ఇలా గీతలు పెట్టుకుంటే, అసలు బరువు ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. ఇల్లు తుడవడం, బట్టలుతకడం కింద కూర్చునే చేస్తుంటే అవి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. వాటికి పొడవు కర్ర మాపు, స్టూలు మీద పెట్టిన టబ్బు సరిపోతాయి.

ఎత్తు కొలవడం ఎలా

కుర్చీ తెచ్చినంత మాత్రాన సరిపోదు. మెత్తగా లోపలికి కూరుకుపోయే సోఫా నుంచి లేవడం ఒక్కోసారి పీట మీది నుంచి లేవడమంత కష్టం. వట్టి కాళ్లతో నిలబడి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా టేపుతో కొలవండి. పైన చెప్పుకున్న ఆవిడకు అది 15 అంగుళాలు వచ్చిందనుకోండి. నొప్పి ఉన్నవాళ్లకు ఆ కొలత కంటే రెండు అంగుళాలు ఎక్కువ ఎత్తు అనువుగా ఉంటుంది, అంటే 17 అంగుళాలు. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు ఆనాలి. ఆనకపోతే కింద చిన్న పలక వేయాలి. చేతులు ఆనించడానికి కుర్చీకి రెండువైపులా పిడులుండాలి. చేతులతో నొక్కి లేస్తే మోకాలి మీది బరువు బాగా తగ్గుతుంది. దూలాలిల్లు కట్టినవాళ్లు వీధి అరుగులను కాళ్లు కిందికి వేలాడేసి కూర్చునే ఎత్తులో కట్టుకున్నారు. నొప్పి ఉన్న మోకాలికి కావలసిన ఎత్తు అదే.

మంచానికీ ఇదే కొలత. పరుపు మీద కూర్చున్నాక ఎంత ఎత్తున్నామో చూడాలి. నులక మంచం సాగి నడుమ గుంట పడితే ఎత్తు తగ్గినట్టే, నులక బిగించాలి. తక్కువ ఎత్తు మంచాలకు నాలుగు కోళ్ల కిందా చెక్క దిమ్మెలు పెట్టవచ్చు, కానీ కోడు జారకుండా దిమ్మెలో గుంట తొలిపించాలి.

మరుగుదొడ్డి విషయంలో గోడ పగలగొట్టి కమోడ్ కట్టించుకోలేని ఇళ్లకు దారి ఉంది. నాలుగు కాళ్ల ఇనుప చట్రం మీద మధ్యలో రంధ్రం ఉన్న సీటుతో కమోడ్ కుర్చీలు వైద్య పరికరాల దుకాణాల్లో దొరుకుతాయి. నేల దొడ్డి మీద వాటిని అమర్చుకోవచ్చు. కాళ్ల ఎత్తు మార్చుకునే వీలున్నది తీసుకోండి. నాలుగు కాళ్ల చివరా రబ్బరు తొడుగులు అరగకుండా చూసుకోవాలి. నేల వాలుగా ఉంటే చట్రం ఊగుతుంది, కాబట్టి వాడేముందు ఇంట్లో బరువైన మనిషి ఒకసారి కూర్చుని చూడాలి. కమోడ్ ఉన్నా అది తక్కువ ఎత్తనిపిస్తే పైన బిగించే ఎత్తు సీట్లున్నాయి, వాటికి బిగింపు మరలు ఉండాలి. ఊరికే పెట్టేవి పక్కకు జరుగుతాయి. గోడకు పట్టుకునే కడ్డీని డ్రిల్లుతో గట్టిగా బిగించాలి. టవల్ వేలాడేసే కడ్డీని పట్టుకుని లేవడం అలవాటైతే అది ఏదో ఒక రోజు గోడలోంచి ఊడి చేతిలోకి వస్తుంది.

వంటింట్లో ఒక జాగ్రత్త. కత్తిపీటను బల్ల మీద పెట్టి తరగబోకండి. నేల మీద దాన్ని కాలితో అదిమిపెడతాం, బల్ల మీద ఆ అదుపు ఉండదు, కత్తి పక్కకు ఒరిగితే చేయి తెగుతుంది. కుర్చీలో కూర్చుని పలకా చాకూ వాడటం మేలు. మొదట్లో తీరిక పడుతుంది, చేతికి అలవాటయ్యాక వేగం వస్తుంది.

పూజకు, వ్రతానికి కింద కూర్చోక తప్పదనిపిస్తే

సత్యనారాయణ వ్రతంలాంటివి రెండు గంటలు కూర్చోబెడతాయి. పురోహితుడికి ముందే చెబితే స్టూలు మీద కూర్చుని చేయడానికి సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఇంట్లో చేసే రోజువారీ పూజలో మాత్రం కింద కూర్చోవాలనుకుంటే, అడుగున గట్టిగా మడిచిన దుప్పట్లు నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తుకు వేసుకోండి. తుంటి పైకి వస్తే మోకాలి వంపు తగ్గుతుంది. మోకాళ్లు గాల్లో తేలుతుంటే వాటి కింద దిండ్లు పెట్టుకోవాలి. పది పదిహేను నిమిషాలకోసారి ఒక కాలు జాపి, మరుసటి సారి రెండో కాలు జాపాలి. బాగా నొప్పి ఉన్న మోకాలిని మఠంలో అడుగున ఉంచకూడదు.

లేచేటప్పుడు ఊపుతో ఒకేసారి లేవడమే ఎక్కువమంది చేసే తప్పు. దగ్గరలో గోడకు ఆనించిన బరువైన కుర్చీ ఒకటి ఉంచుకోవాలి. ముందు పక్కకు తిరిగి చేతులూ మోకాళ్ల మీదకు రండి. మోకాళ్ల కింద మెత్తటి దుప్పటి ఉంటే నొప్పి తగ్గుతుంది. కుర్చీ దగ్గరికి జరిగి రెండు అరచేతులూ సీటు మీద ఆనించండి. నొప్పి తక్కువున్న కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేల మీద పూర్తిగా మోపండి. చేతులతో సీటును కిందికి నొక్కుతూ, ఆ కాలి మీద బరువు వేసి లేవండి. నిలబడ్డాక రెండు ఊపిరులు ఆగి అప్పుడు అడుగు వేయండి. బీపీ మందులు వాడేవాళ్లకు లేవగానే కళ్లు తిరగవచ్చు కాబట్టి ఈ ఆగడం అవసరం. ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడైనా జారి కింద పడి, దెబ్బలేవీ తగలకపోతే లేవడానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఎత్తు పెంచి, కాలును బలహీనపరిస్తే నష్టమే

ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. కుర్చీ వచ్చింది, కమోడ్ వచ్చింది, మంచం ఎత్తు పెరిగింది. దాంతో పాటు కదలడం కూడా తగ్గిపోయింది. ఆరునెలలకు తొడ కండరం సన్నబడి, మోకాలు ఇంకా ఎక్కువ నొప్పెడుతుంది. నేల మీద దిగి లేవడం వల్ల కండరానికి అందే పని ఇప్పుడు అందడం లేదు కాబట్టి, దాన్ని వేరే దారిలో ఇవ్వాలి.

అందులో అన్నిటికంటే పనికొచ్చేది కుర్చీలోంచి లేచి కూర్చోవడమే. గోడకు ఆనించిన కుర్చీ మీద దిండు వేసి, నొప్పి లేకుండా లేవగలిగిన ఎత్తుకు తెచ్చుకోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని నెమ్మదిగా లేచి, ఇంకా నెమ్మదిగా కూర్చోండి. ధబ్బున కూలబడితే లాభం లేదు, దిగేటప్పుడు కూడా కండరం పనిచేయాలి. మొదట ఐదుసార్లు, రోజుకు రెండు విడతలు. సులువైనకొద్దీ దిండు పలచన చేసుకుంటూ రావాలి. మంచం మీద కాలు చాచి మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని ఐదు సెకన్లు కిందికి అదిమి వదలడం ఇంకొకటి, కాలికి పదిసార్లు. ఎంత చేయాలన్నదానికి మరుసటి ఉదయం చెప్పే సాక్ష్యమే కొలత. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి వచ్చి తెల్లారేసరికి మామూలైతే పర్వాలేదు. తెల్లారి నొప్పీ వాపూ పెరిగి ఉంటే అంతకుముందు రోజు ఎక్కువైనట్టు, సగానికి తగ్గించాలి.

బలం పెరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. 17 అంగుళాల కుర్చీలో చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టిక ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 12 కంటే తక్కువ, మగవాళ్లు 14 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం సగటు కంటే తక్కువన్నమాట. మన ఆవిడ మొదటిసారి ఏడే చేశారనుకుందాం. ఆరువారాల తర్వాత తొమ్మిదో పదో వస్తే దారి సరైనదే.

బరువు తగ్గడం గురించి ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. మోకాలి అరుగుదల ఉన్న పెద్దవాళ్ల మీద అమెరికాలో జరిగి 2005లో ప్రచురితమైన అధ్యయనంలో, ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీది భారం నాలుగు కిలోల మేర తగ్గిందని తేలింది. 68 కిలోల మనిషి 64కు వస్తే అడుగడుగునా 16 కిలోలు దించుకున్నట్టు.

రాత్రిపూట మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, అందుకే చాలామంది అలా పడుకుంటారు. అది రోజూ అలవాటైతే కాలు వంగి బిగుసుకుపోయి, పూర్తిగా చాపలేని స్థితి వస్తుంది. వంగిన కాలితో నడక ఇంకా కష్టం. కాలు చాపే పడుకోవాలి, పక్కకు తిరిగి పడుకునేవాళ్లు రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవచ్చు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

అరుగుదల వల్ల వచ్చే బిగుతు ఉదయం లేవగానే ఉండి, కాస్త తిరిగితే అరగంటలోపే సడలుతుంది. గంటకు పైగా బిగుసుకుని ఉన్నా, చేతివేళ్ల కీళ్లు కూడా వాచినా అది వేరే రకం కీళ్లవాతం కావచ్చు, దానికి మందులే వేరు. మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కాలు మధ్యలో ఇరుక్కుని చాపలేకపోయినా, నడుస్తుండగా మోకాలు లోపలికి పోయినట్టు విరిగిపోతున్నా, పడిన తర్వాత బరువు మోపలేకపోయినా ఆలస్యం చేయకూడదు. మోకాలిలో నొప్పిగా అనిపించేది కొందరికి తుంటి నుంచి వస్తుంది కాబట్టి డాక్టరు తుంటిని కూడా తిప్పి చూడాలి.

మందుల్లో మోకాలికి పూసే డైక్లోఫెనాక్ జెల్‌తో మొదలుపెట్టడం మంచిది. నొప్పి మాత్రలను మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగితే కిడ్నీలు, పొట్ట దెబ్బతింటాయి. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోకూడదు.

ఎత్తులు మార్చి, తొడ బలం పెంచి, బరువు తగ్గించి కొన్ని నెలలు చూసినా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నా, ఇంటి చుట్టూ కూడా తిరగలేకపోతున్నా, అప్పుడు మోకాలి కీలు మార్పిడి గురించి ఎముకల డాక్టరుతో మాట్లాడాలి. ఆపరేషన్ అయితే మళ్లీ మఠం వేసుకుని కూర్చోవచ్చని ఆశించి వెళ్లేవాళ్లున్నారు. నడక, మెట్లు, నిద్ర బాగుపడతాయి, కానీ చాలామందికి కొత్త కీలు గొంతుకూర్చునేంతగా వంగదు, సర్జన్లు కూడా సాధారణంగా నేల మీద కూర్చోవద్దంటారు. కాబట్టి ఈ రోజు బిగించిన కడ్డీ, ఎత్తు పెంచిన మంచం, నేల దొడ్డి మీద అమర్చిన కుర్చీ ఆపరేషన్ అవసరం లేకపోయినా పనికొస్తాయి, అవసరమైతే ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రోజు నుంచే పనికొస్తాయి.